ప్యాలెట్ రేటు ఒకటి, పడే బిల్లు మరొకటి

సొంత గోదాము కట్టుకోకుండా, సరుకును వేరే సంస్థ గోదాములో ఉంచి, దించడం, పేర్చడం, కాపాడటం, ఆర్డరు వచ్చినప్పుడు తీసి బండి ఎక్కించడం అన్నీ ఆ సంస్థకే అప్పగించే పద్ధతిని థర్డ్ పార్టీ వేర్‌హౌసింగ్ అంటారు. వ్యాపారంలో దీన్ని పొట్టిగా త్రీపీఎల్ అని పిలుస్తారు. హైదరాబాద్ చుట్టూ మేడ్చల్, శంషాబాద్, పటాన్‌చెరు వైపు వెళ్తే కనిపించే పెద్ద పెద్ద షెడ్లలో చాలావాటిలో నడిచేది ఈ పనే. 2017 జులై 1న జీఎస్టీ అమల్లోకి రాకముందు, రాష్ట్రం దాటి అమ్మితే పడే కేంద్ర అమ్మకం పన్నును తప్పించుకోవడానికి కంపెనీలు రాష్ట్రానికో చిన్న గోదాము పెట్టుకునేవి. ఆ అవసరం పోయాక కొద్దిచోట్లే పెద్ద గోదాములు పెట్టుకోవడం లాభసాటి అయింది. వాటిని నడపడం ఒక ప్రత్యేక వ్యాపారంగా పెరిగింది.

ఈ సేవ కోరే వ్యాపారికి మొదట ఎదురయ్యేది కొటేషన్. ముగ్గురిని అడిగితే మూడు రకాల కొటేషన్లు వస్తాయి. ఒకరు ప్యాలెట్‌కు రోజుకు ఇంత అంటారు, మరొకరు నెలకు ఇంత అంటారు, ఇంకొకరు చదరపు అడుగుల లెక్క చెబుతారు. ఒకరు హమాలీ ఖర్చు కలిపి చెబితే మరొకరు విడిగా రాస్తారు. వీటిలో పైకి కనిపించే రేటు చూసి తక్కువది ఎంచుకుంటే ఏడాది చివర ఎక్కువ కట్టాల్సి రావచ్చు. అలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ముందు రేటు దేనిమీద కడతారో చూడాలి.

స్థలం ఖర్చు, పని ఖర్చు

గోదాము నడిపే సంస్థకు ఖర్చులు రెండు రకాలు. మొదటిది కాలంతో పాటు నడిచే ఖర్చు. షెడ్డు అద్దె, ర్యాకులు, కాపలా, కరెంటు, అగ్నిమాపక ఏర్పాట్లు ఇందులోకి వస్తాయి. సరుకు కదిలినా కదలకపోయినా ఈ ఖర్చు ఆగదు. రెండోది సరుకు కదిలినప్పుడు పడే ఖర్చు. హమాలీల కూలి, ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారి జీతం, బిల్లులు కొట్టేవారి సమయం, స్టిక్కర్లు, చుట్టే ప్లాస్టిక్ పొర ఇందులోకి వస్తాయి. మొదటిదాన్ని రాబట్టుకోవడానికి నిల్వ రేటు ఉంటుంది, రెండోదాన్ని రాబట్టుకోవడానికి హ్యాండ్లింగ్ రేటు ఉంటుంది.

రెండూ విడిగా రాసిన కొటేషన్‌లో ఏ పనికి ఎంత పడుతుందో తెలుస్తుంది. కొందరు రెండూ కలిపేసి, బయటకు వెళ్లే ప్రతి బాక్సుకు ఇంత అని ఒకటే రేటు చెబుతారు. లెక్క తేలికగా కనిపిస్తుంది కానీ, ఆ రేటు వెనక సరుకు గోదాములో సగటున ఎన్ని రోజులు ఉంటుందన్న అంచనా ఒకటి దాగి ఉంటుంది. 30 రోజుల్లో అమ్ముడుపోయే సరుకు, 90 రోజులు పడి ఉండే సరుకు ఒకే రేటు కడితే, వేగంగా కదిలే సరుకు నెమ్మదిగా కదిలే సరుకు అద్దెను మోస్తున్నట్టే. అందుకే ఇలాంటి ఒప్పందాల్లో ఫలానా రోజులు దాటిన సరుకుకు అదనపు చార్జీ అన్న షరతు ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఒకే రేటు చెప్పిన కొటేషన్‌లో ముందుగా వెతకాల్సింది ఆ షరతునే.

ప్యాలెట్ అంటే ఎంత

సరుకు పేర్చి ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తడానికి వాడే చెక్క లేదా ప్లాస్టిక్ బల్లను ప్యాలెట్ అంటారు. మన దేశంలో ఎక్కువగా కనిపించేది 1200 మిల్లీమీటర్ల పొడవు, 1000 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్నది. నేలమీద అది పట్టే చోటు దాదాపు 13 చదరపు అడుగులు. అయితే ఫోర్క్‌లిఫ్ట్ తిరిగే దారులు కూడా కలుపుకుంటే ఒక్కో ప్యాలెట్‌కు పడే నేల అంతకు రెట్టింపు దాటుతుంది. 30 చదరపు అడుగులు అనుకుందాం. చదరపు అడుగుకు నెలకు 20 రూపాయల అద్దె ఉన్నచోట, నేలమీద ఒకే వరుస పెడితే ప్యాలెట్‌కు అద్దె 600 రూపాయలు పడుతుంది. అదే షెడ్డులో ఐదంతస్తుల ర్యాకులు వేస్తే ఒక్కో ప్యాలెట్‌కు 6 చదరపు అడుగులే లెక్కకు వస్తాయి కాబట్టి అద్దె 120 రూపాయలకు దిగుతుంది. దానిపైన ర్యాకుల ఖర్చు, మిగతా ఖర్చులు, లాభం కలుస్తాయి.

రెండు గోదాముల ప్యాలెట్ రేట్లలో పెద్ద తేడా రావడానికి ప్రధాన కారణం ఈ ఎత్తే. చదరపు అడుగుల లెక్క ఎవరికి నప్పుతుందో కూడా దీంతోనే తెలుస్తుంది. ఒకదానిమీద ఒకటి ఎత్తుగా పేర్చగలిగిన సరుకు, ఏడాది పొడవునా దాదాపు ఒకే స్థాయిలో ఉండే నిల్వ ఉన్నవారికి చదరపు అడుగుల అద్దె లాభం. నిల్వ పెరుగుతూ తగ్గుతూ ఉండేవారు ఖాళీ నేలకు కూడా అద్దె కట్టాల్సి వస్తుంది కాబట్టి వారికి ప్యాలెట్ లెక్క మేలు.

కొటేషన్‌లో ప్యాలెట్ అన్న మాటకు కొలతలు రాసి ఉండాలి. పేర్చిన తర్వాత ఎత్తు ఎంతవరకు ఉండవచ్చు, బరువు ఎంతవరకు ఉండవచ్చు అన్నవి లేకపోతే, ఎత్తు కాస్త ఎక్కువైన ప్యాలెట్‌ను రెండు చోట్లుగా లెక్కవేసే అవకాశం ఉంటుంది. ఒకరు 1.2 మీటర్ల ఎత్తుకు, మరొకరు 1.5 మీటర్ల ఎత్తుకు రేటు చెప్పినప్పుడు రెండో దానిలో పట్టే సరుకు ఎక్కువ. కాబట్టి పోల్చాల్సింది బాక్సుకు పడే నిల్వ ఖర్చును.

సగం ఖాళీ ప్యాలెట్ల సంగతి ఇంకొకటి. గడువు తేదీ ఉన్న ఆహార సరుకులో ఒక్కో తయారీ బ్యాచ్‌ను విడిగా ఉంచుతారు, గడువు ముందుగా ముగిసేది ముందు పంపాలి కాబట్టి. 40 బాక్సులు పట్టే ప్యాలెట్‌లో 34 వెళ్లిపోయి 6 మిగిలినా బిల్లులో అది ఒక పూర్తి ప్యాలెట్టే. అలాంటివి 30 పోగైతే, ఐదు ప్యాలెట్లలో పట్టే 180 బాక్సులకు 30 ప్యాలెట్ల నిల్వ చార్జీ పడుతుంది. దీనికి విరుగుడు రెండు రకాలు. చిన్న అరలకు తక్కువ రేటు విడిగా అడగవచ్చు. లేదా నెలకొకసారి మిగిలిన బాక్సులను, బ్యాచ్ గుర్తు చెదరకుండా, ఒకే ప్యాలెట్ మీదకు చేర్చే పనికి ఒక రేటు ముందే మాట్లాడుకోవచ్చు.

ఎలా లెక్కపెడతారు

రేటు కంటే లెక్కపెట్టే పద్ధతి బిల్లును ఎక్కువగా మారుస్తుంది. ఒక ప్యాలెట్ నెల 25వ తేదీన వచ్చి, వచ్చే నెల 5వ తేదీన వెళ్లిపోయిందనుకుందాం. 30 రోజుల నెలలో అది గోదాములో ఉన్నది 11 రోజులు. రోజువారీ లెక్కలో, రోజుకు 12 రూపాయల చొప్పున, 132 రూపాయలు పడుతుంది.

రెండో పద్ధతిలో నెల మొదట ఉన్న నిల్వకు ఆ నెలలో వచ్చిన సరుకును కలిపి, మొత్తానికి పూర్తి నెల చార్జీ వేస్తారు. నెలకు 220 రూపాయలన్న రేటు మొదటిదానికంటే చాలా తక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే రోజుకు 12 అంటే నెలకు 360. కానీ 25న వచ్చినందుకు ఆ నెల 220, వచ్చే నెల మొదటి తేదీన నిల్వలో ఉన్నందుకు మరో 220, వెరసి 440 రూపాయలు అవుతుంది. 11 రోజులకు రెండు నెలల అద్దె కట్టినట్టు.

మూడో పద్ధతి నెలను రెండుగా విడగొడుతుంది. 15వ తేదీలోపు వచ్చిన సరుకుకు పూర్తి నెల, ఆ తర్వాత వచ్చినదానికి సగం నెల. అమెరికా గోదాముల్లో ఇది పాతకాలం నుంచి ఉన్న పద్ధతి. ఇదే ప్యాలెట్‌కు ఇందులో ఒకటిన్నర నెల, అంటే 330 రూపాయలు పడుతుంది. అక్కడే ఉన్న మరో పద్ధతిలో ప్రతి ప్యాలెట్‌కు అది వచ్చిన తేదీ నుంచి నెల మొదలవుతుంది. అప్పుడు ఈ 11 రోజులకు ఒకే నెల, 220 రూపాయలు. ఇవి కాక, నెలలో అత్యధిక నిల్వ ఉన్న రోజు లెక్కనే నెలంతటికీ వేసే ఒప్పందాలు కూడా ఉంటాయి.

సరుకు నెలల తరబడి కదలకుండా ఉండేవారికి ఈ పద్ధతుల మధ్య తేడా తక్కువ. రెండు మూడు వారాల్లో అమ్ముడుపోయే సరుకు ఉన్నవారికి మాత్రం రెట్టింపు వరకు తేడా వస్తుంది. అంటే వ్యాపారం ఎంత చురుగ్గా నడిస్తే నెల లెక్క అంత ఖరీదు.

దించే, తీసే, ఎక్కించే రేట్లు

మన రోడ్ల మీద వచ్చే లారీల్లో సరుకు చాలావరకు ప్యాలెట్ల మీద కాక, విడి బాక్సులుగా ఉంటుంది. దాన్ని హమాలీలు చేత్తో దించి, లెక్కపెట్టి, గోదాములో ప్యాలెట్ల మీద పేర్చాలి. ఇన్‌వార్డ్ చార్జీ అన్నప్పుడు ఇందులో ఎంత పని ఉందో అడగాలి. కొందరి రేటు లారీ నుంచి దించి నేలమీద పెట్టడంతో ముగుస్తుంది. ప్యాలెట్ మీద పేర్చి, ప్లాస్టిక్ చుట్టి, ర్యాకులో పెట్టడం ఇంకో చార్జీ. ఇంకొందరు మొత్తం కలిపి బాక్సుకు ఇంత అంటారు. కొలమానం కూడా మారుతుంది. తేలికైన సరుకుకు టన్ను లెక్క మేలు, బరువైన సరుకుకు బాక్సు లెక్క మేలు.

బయటకు పంపేటప్పుడు పని మూడు స్థాయిల్లో ఉంటుంది. పూర్తి ప్యాలెట్‌ను ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తి పంపడం అన్నిటికంటే చవక. ప్యాలెట్ నుంచి కొన్ని బాక్సులు తీయడం దానికంటే ఎక్కువ పని. బాక్సు తెరిచి ఒక్కో సీసా తీసి మళ్లీ ప్యాక్ చేయడం అన్నిటికంటే ఖరీదు. ఈ మూడింటికీ విడివిడి రేట్లు లేని కొటేషన్‌లో, ఖరీదైన పని రేటే అన్నిటికీ పడుతుండవచ్చు.

దీనికి ఆర్డరు చార్జీ తోడవుతుంది. ప్రతి ఆర్డరుకూ, అది ఎంత చిన్నదైనా, ఒక చీటీ తీయాలి, ఇన్వాయిస్, ఈ-వే బిల్లు లాంటి కాగితాలు చూడాలి, బండి ఎక్కించేటప్పుడు సరిచూడాలి. ఆర్డరుకు 40 రూపాయలు అన్నది చిన్న మొత్తంగా కనిపిస్తుంది. ఒక్కో ఆర్డరులో 12 బాక్సులు ఉంటే బాక్సుకు 3 రూపాయల 33 పైసలు పడుతుంది. ఆర్డరులో నాలుగే బాక్సులు ఉంటే బాక్సుకు 10 రూపాయలు. కిరాణా కొట్లకు కొద్దికొద్దిగా పంపే వ్యాపారికి ఇది తీసే చార్జీని మించిపోతుంది.

కొన్ని సంస్థలు సరుకు లోపలికి వచ్చినప్పుడే దించే చార్జీ, పంపే చార్జీ రెండూ కలిపి వసూలు చేస్తాయి. అలాంటప్పుడు ఒప్పందం ముగిసి సరుకు వేరేచోటికి మార్చుకునే రోజున పంపే చార్జీ రెండోసారి వేయకూడదని ముందే రాసుకోవాలి.

మినిమం గ్యారంటీ

గోదాము సంస్థ షెడ్డును సాధారణంగా కొన్నేళ్ల లీజుకు తీసుకుంటుంది. ఖాతాదారు సరుకు తగ్గినా ఆ అద్దె తగ్గదు. అందుకే నెలకు కనీసం ఇన్ని ప్యాలెట్లకు, లేదా కనీసం ఇంత బిల్లుకు హామీ అడుగుతుంది. దీన్ని మినిమం గ్యారంటీ అంటారు. హామీ ఇచ్చినందుకు ప్రతిఫలంగా రేటు తగ్గుతుంది. ఇందులో అన్యాయం లేదు. ఖాళీ చోటు నష్టం ఎవరు భరించాలన్నదే ఇక్కడి బేరం. ఆ నష్టం తనమీద వేసుకునే వ్యాపారి, తన సరుకు ఏ నెలలో ఎంత తగ్గుతుందో తెలుసుకుని హామీ ఇవ్వాలి.

హామీని ఏ కాలానికి కొలుస్తారన్నది ఇక్కడ అసలు ప్రశ్న. నెలనెలా కొలిస్తే, ఒక నెలలో ఎక్కువ వాడుకున్నది మరో నెలలో తక్కువైనదాన్ని పూడ్చదు. ఏడాది సగటుగా కొలిస్తే పూడుస్తుంది. ఈ ఒక్క మాట విలువ ఎంతో కింది ఉదాహరణలో కనిపిస్తుంది.

మూడు కొటేషన్లు, ఒకే సరుకు

గుంటూరులో మసాలా పొడులు, పచ్చళ్లు తయారుచేసే ఒక చిన్న సంస్థ మేడ్చల్ దగ్గర సరుకు నిల్వ పెట్టి హైదరాబాద్ కొట్లకు పంపాలనుకుందని ఊహిద్దాం. రేట్లు కూడా లెక్క కోసం అనుకున్నవే. ఒక ప్యాలెట్‌కు 40 బాక్సులు. ఏడాదిలో నాలుగు నెలలు అమ్మకాలు మందం, ఐదు నెలలు మామూలు, మూడు నెలలు జోరు. సగటు నిల్వ మందం నెలల్లో 150, మామూలు నెలల్లో 250, జోరు నెలల్లో 400 ప్యాలెట్లు. నెలకు వచ్చి వెళ్లే సరుకు వరుసగా 120, 240, 420 ప్యాలెట్లు, అంటే 4,800, 9,600, 16,800 బాక్సులు. ఒక్కో ఆర్డరులో సగటున 12 బాక్సులు. లెక్క తేలికగా ఉండటానికి ప్రతి నెలా 30 రోజులని, నెల మొదటి నిల్వ ఆ నెల సగటుతో సమానమని తీసుకుందాం.

మొదటి సంస్థ ప్యాలెట్‌కు రోజుకు 12 రూపాయలు అంది. రోజువారీ లెక్క, హామీ ఏమీ లేదు. బాక్సు దించి పేర్చడానికి 4, తీసి ఎక్కించడానికి 6 రూపాయలు.

రెండో సంస్థ రోజుకు 9 రూపాయలు అంది, అంటే నెలకు 270. కానీ ప్రతి నెలా కనీసం 300 ప్యాలెట్లకు కట్టాలి. దించడానికి 4, ఎక్కించడానికి 5 రూపాయలు.

మూడో సంస్థ నెలకు 220 రూపాయలే అంది. హామీ అడగలేదు. దించడానికి 3, ఎక్కించడానికి 6. చిన్న అక్షరాల్లో మూడు మాటలు ఉన్నాయి: నెల మొదటి నిల్వకు వచ్చిన సరుకు కలిపి లెక్క, ప్యాలెట్ పేర్చడానికి 50 రూపాయలు, ఆర్డరుకు 40 రూపాయలు.

ఒక్కో నెలకు పడే మొత్తం బిల్లు, పన్ను కలపకుండా, ఇలా వస్తుంది.

| | మొదటి సంస్థ | రెండో సంస్థ | మూడో సంస్థ |
|---|---|---|---|
| మందం నెల | ₹1,02,000 | ₹1,24,200 | ₹1,24,600 |
| మామూలు నెల | ₹1,86,000 | ₹1,67,400 | ₹2,38,200 |
| జోరు నెల | ₹3,12,000 | ₹2,59,200 | ₹4,08,600 |
| ఏడాది మొత్తం | ₹22,74,000 | ₹21,11,400 | ₹29,15,200 |

ఒక గడిని విప్పి చూస్తే మిగతావి అర్థమవుతాయి. మూడో సంస్థ మామూలు నెల లెక్కలో మొదటి నిల్వ 250, వచ్చినవి 240, మొత్తం 490 ప్యాలెట్లకు 220 చొప్పున 1,07,800 రూపాయలు నిల్వ చార్జీ. 9,600 బాక్సులకు దించడం, ఎక్కించడం కలిపి 9 రూపాయల చొప్పున 86,400. ప్యాలెట్లు పేర్చడానికి 12,000. 800 ఆర్డర్లకు 32,000. అన్నీ కలిపి 2,38,200.

నిల్వ రేటు అన్నిటికంటే తక్కువ చెప్పిన మూడో సంస్థే ఏడాదికి అన్నిటికంటే ఎక్కువ ఖరీదైంది. ఏడాది నిల్వను నెలవారీ సగటులతో కూడితే 3,050 ప్యాలెట్ నెలలు వస్తాయి. ఒక ప్యాలెట్ ఒక నెల ఉంటే ఒక ప్యాలెట్ నెల. మూడో సంస్థకు ఏడాదిలో కట్టే నిల్వ చార్జీ 13,17,800 రూపాయలను దీనితో భాగిస్తే, ప్యాలెట్‌కు నెలకు నిజంగా పడింది 432 రూపాయలు. కాగితం మీద చెప్పింది 220. రెండో సంస్థ కూడా 270 అని చెప్పినా, మందం, మామూలు నెలల్లో ఖాళీ చోటుకు కట్టినదానితో కలిపి నిజంగా పడింది 345. మొదటి సంస్థ చెప్పింది, పడింది రెండూ 360.

ఏడాదికి వెళ్లే 1,17,600 బాక్సులకు పంచితే మొదటి సంస్థలో బాక్సుకు 19 రూపాయల 34 పైసలు, రెండోదానిలో 17 రూపాయల 95 పైసలు, మూడోదానిలో 24 రూపాయల 79 పైసలు. బాక్సు అమ్మకం ధరలో గోదాము ఖర్చు ఎంతో వ్యాపారి చూసుకోవాల్సింది ఈ అంకెతోనే.

అంచనా తప్పితే

ఈ లెక్కలో రెండో సంస్థ మొదటిదానికంటే 1,62,600 రూపాయలు చవక. అక్కడితో ఆగి ఒప్పందం మీద సంతకం పెడితే పని సగమే అయినట్టు. అంకెలన్నీ అమ్మకాల అంచనా మీద నిలబడ్డాయి. కొత్త ఊళ్లో అమ్మకాలు అనుకున్నంత రాకపోవడం అరుదు కాదు.

నిల్వ, రాకపోకలు అన్నీ 30 శాతం తగ్గాయనుకుందాం. మొదటి సంస్థ బిల్లు కూడా అంతే తగ్గి 15,91,800కు వస్తుంది. రెండో సంస్థలో జోరు నెల నిల్వ కూడా 280కి పడిపోతుంది కాబట్టి పన్నెండు నెలలూ 300 ప్యాలెట్లకే కట్టాలి. మొత్తం 17,12,880 అవుతుంది. చవకైనది కాస్తా 1,21,080 రూపాయలు ఖరీదైంది. రెండు బిల్లులూ సమానమయ్యేది వ్యాపారం సుమారు 18 శాతం తగ్గినచోట. కాబట్టి ఈ వ్యాపారి తనను తాను అడగాల్సిన ప్రశ్న ఒకటే: అమ్మకాలు అంచనాకంటే ఐదో వంతు తగ్గే అవకాశం ఎంత? పాత ఖాతాదారులున్న సంస్థ ధైర్యంగా హామీ ఇవ్వవచ్చు. కొత్తగా అడుగుపెట్టేవారు మొదటి ఏడాది హామీ లేని రేటుతో నడిచి, నెలనెలా అంకెలు చేతికొచ్చాక హామీకి బేరమాడటం క్షేమం.

బేరంలో అడగాల్సింది రేటు తగ్గింపే కానక్కర్లేదు. రెండో సంస్థ 270 రేటును అలాగే ఉంచి, హామీని నెలకు 300 అని కాక ఏడాది సగటు 250 అని మారిస్తే ఏమవుతుందో చూద్దాం. ఈ వ్యాపారి ఏడాది సగటు నిల్వ 254 ప్యాలెట్లు. హామీ నెరవేరినట్టే. ఖాళీ చోటుకు కట్టే 2,29,500 రూపాయలు మొత్తంగా మిగులుతాయి. గోదాము సంస్థకు మాత్రం జోరు నెలల్లో 400 ప్యాలెట్లకు చోటు సిద్ధంగా ఉంచాల్సిన భారం ఉంటుంది కాబట్టి దీనికి తేలిగ్గా ఒప్పుకోదు. మందం నెలలకు 150, మామూలు నెలలకు 250, జోరు నెలలకు 350 అని నెలలవారీగా హామీ రాసుకోవడం ఇద్దరికీ కుదిరే మధ్యేమార్గం. ఆ నెలలేవో ముందే తెలిస్తే గోదాము సంస్థ మిగిలిన చోటును ఇంకొకరికి ఇచ్చుకోగలదు.

హామీకి అవతలి వైపు కూడా చూడాలి. 300 ప్యాలెట్లకు హామీ ఇచ్చినవారికి జోరు నెలలో 400 పెట్టడానికి చోటు ఇస్తామని రాతపూర్వకంగా లేకపోతే, పండుగ ముందు సరుకు లారీలో ఉండగా చోటు లేదన్న మాట వినాల్సి వస్తుంది. హామీ దాటిన ప్యాలెట్లకు అదే రేటా, ఎక్కువ రేటా అన్నదీ అక్కడే రాసి ఉండాలి.

కొటేషన్ అడిగే తీరు

ముగ్గురి కొటేషన్లు ముగ్గురి పద్ధతుల్లో వచ్చాక పోల్చడం కష్టం. వ్యాపారే ముందుగా ఒక కాగితం తయారుచేసి అందరికీ ఒకేలా ఇస్తే పని సులువవుతుంది. అందులో పన్నెండు నెలల నిల్వ, రాకపోకలు, బాక్సు కొలతలు, బరువు, ప్యాలెట్‌కు ఎన్ని బాక్సులు, ఎన్ని రకాల సరుకు, ఆర్డరుకు సగటున ఎన్ని బాక్సులు, సరుకు విడి బాక్సులుగా వస్తుందా ప్యాలెట్ల మీద వస్తుందా అన్నవి ఉండాలి. ఆ అంకెలకు తమ రేట్లతో మామూలు నెల బిల్లు ఒకటి, జోరు నెల బిల్లు ఒకటి నమూనాగా కట్టి ఇమ్మని కోరాలి. రేట్ల పట్టికలో కనిపించని చార్జీలు నమూనా బిల్లులో బయటపడతాయి. రాత్రివేళ లోడింగ్, ఆదివారం పని, లారీ ఆగినందుకు చార్జీ, నెలనెలా సాఫ్ట్‌వేర్ చార్జీ లాంటివి చాలావరకు అలా తేలేవే. మొదట కట్టే డిపాజిట్, సరుకు తెచ్చి పెట్టే ఖర్చు కూడా ఏడాది మొత్తంలో కలిపి చూడాలి.

పన్ను విషయంలో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. వ్యవసాయ ఉత్పత్తుల నిల్వకు జీఎస్టీ మినహాయింపు ఉన్నా, మసాలా పొడి, పచ్చడి లాంటి తయారీ సరుకుల నిల్వ సేవకు 18 శాతం పన్ను పడుతుంది. ఒక కొటేషన్ పన్ను కలిపి, మరొకటి కలపకుండా ఉంటే పోలిక చెడుతుంది. రెండోది, గుంటూరు సంస్థ మేడ్చల్‌లో సరుకు పెట్టి అక్కడినుంచి అమ్మాలంటే తెలంగాణలో విడిగా జీఎస్టీ నమోదు తీసుకోవాలి, ఆ గోదామును వ్యాపార స్థలంగా చూపాలి. దానికయ్యే ఖర్చు, అకౌంట్ల పని ఏ కొటేషన్‌లోనూ కనిపించవు.

ఒప్పందంలో రేటు పెరిగే తీరు కూడా పోలికలో భాగమే. ఏటా 5 శాతం పెంపు అని రాసిన 21 లక్షల బిల్లు మూడో ఏడాదికి 23 లక్షలు దాటుతుంది. నిల్వ రేటు అద్దెతో, హ్యాండ్లింగ్ రేటు కూలితో ముడిపడి ఉంటాయి కాబట్టి రెండింటి పెంపునూ విడివిడిగా మాట్లాడుకోవడం సబబు. సరుకు పోయినా, పాడైనా ఎంతవరకు గోదాము సంస్థ భరిస్తుందన్న షరతునూ చదవాలి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 151వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన సరుకును మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత సరుకును చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలి. అంతకుమించిన ప్రమాదాలకు సరుకు యజమాని బీమా ఉండాలి. తరుగు కింద కొంత శాతం వదిలేయాలని ఒప్పందంలో ఉంటే, ఆ శాతాన్ని ఏడాది సరుకు విలువతో గుణించి బిల్లులో కలుపుకోవాలి. ఎందుకంటే అది కూడా గోదాముకు కట్టే ధరే.

చివరిగా, మొదటి నెల బిల్లు వచ్చినప్పుడు దాన్ని నమూనా బిల్లు పక్కన పెట్టి చూడాలి. రోజువారీ నిల్వ పట్టిక, వచ్చిన లారీల పట్టిక, వెళ్లిన ఆర్డర్ల పట్టిక బిల్లుతో పాటు ఇవ్వాలని ఒప్పందంలోనే రాసుకుంటే, ప్యాలెట్ల లెక్కను సొంత పుస్తకంతో సరిచూడటం ఒక పూట పని. సరుకు కదలిక అనుకున్నట్టే ఉండి బిల్లు మాత్రం నమూనాకంటే పెరిగితే, తేడా దాదాపు ఎప్పుడూ లెక్కపెట్టే పద్ధతిలోనో, సగం ఖాళీ ప్యాలెట్లలోనో, కొత్తగా చేరిన చార్జీలోనో దొరుకుతుంది. మొదటి నెలలోనే పట్టుకుంటే అది ఒక్క నెల తేడా. ఏడాది చివర పట్టుకుంటే పన్నెండు నెలల తేడా.